గ్లాసు చప్పుడు ఏ ట్రాకుది? సినిమా శబ్దం విడివిడిగా తయారై ఒకటయ్యే తీరు

సినిమాల్లో మాటలు సరిగా వినిపించడం లేదని, సొంత భాషలో తీసిన సినిమాకు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవలసి వస్తోందని కొన్నేళ్లుగా చాలామంది ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తున్నారు. ఈ చర్చలో నటుల ఉచ్చారణ, నేపథ్య సంగీతపు హోరు, ఇంట్లోని టీవీ స్పీకర్లు అన్నీ ఒకేసారి నిందకు గురవుతుంటాయి. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. తెర మీద మనం వినే శబ్దం షూటింగులో ఒక్కసారిగా రికార్డయి వచ్చినది కాదు. మాట ఒకచోట, అడుగుల చప్పుడు మరొకచోట, వాన ఇంకొకచోట తయారై, చివరకు ఒక గదిలో కలుస్తాయి. వాటిని విడదీయడానికి కారణం ఉంది, తిరిగి కలపడంలో కష్టమూ ఉంది. ఒక చిన్న సన్నివేశాన్ని తీసుకుని ఆ రెండింటినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

## మూడు పనులు, మూడు రకాల చెవులు

మొదటిది డైలాగ్. షూటింగులో మైకుల ద్వారా రికార్డయిన మాటలు, తరువాత స్టూడియోలో నటులు పెదవుల కదలికకు సరిపోయేలా మళ్లీ చెప్పిన మాటలు, రెండూ ఇందులోకే వస్తాయి. మళ్లీ చెప్పించడాన్ని మనం డబ్బింగ్ అంటాం. కొన్ని వాక్యాలను మాత్రమే ఇలా మార్చినప్పుడు ఆ వృత్తిలోని వారు ఏడీఆర్ అంటారు.

రెండవది ఫోలీ. మనిషి శరీరం వల్ల పుట్టే చప్పుళ్లను, అంటే అడుగులు, బట్టల రాపిడి, చేతితో పట్టుకుని పెట్టే వస్తువుల శబ్దాలను, తెర చూస్తూ ఒక కళాకారుడు మళ్లీ నటించి రికార్డు చేసే పని ఇది. హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. మాటలు లేకుండా తీసిన సినిమాలకు శబ్దం జోడించవలసి వచ్చిన 1920ల చివర్లో ఆయన ఈ పద్ధతిని మొదలుపెట్టారు.

మూడవది సౌండ్ డిజైన్. వాన, గాలి, వాహనాలు, పేలుళ్లు, ఊరి వాతావరణం, లోకంలో లేని యంత్రాల ధ్వనులు ఇందులోకి వస్తాయి. వీటిని ఎక్కువగా ముందే రికార్డు చేసుకున్న శబ్దాల నుంచి ఎంచి, మార్చి, పొరలు పొరలుగా పేరుస్తారు. సౌండ్ డిజైనర్ అన్న హోదా 1979లో వచ్చిన ‘అపోకలిప్స్ నౌ’ చిత్రానికి వాల్టర్ మర్చ్ చేసిన పనితో బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇక్కడే ఒక మాట తికమక పెడుతుంది. తెలుగు సినిమా పరిభాషలో రీరికార్డింగ్ అంటే సాధారణంగా నేపథ్య సంగీతం. ఇంగ్లిష్ చిత్ర పరిశ్రమలో అదే మాటకు అర్థం అన్ని శబ్దాలనూ కలిపే చివరి మిక్సింగ్. ఈ వ్యాసంలో ఆ పనిని మిక్సింగ్ అనే అంటాను.

## నలభై సెకన్ల సన్నివేశం

రాత్రి. బయట వాన. ఒక స్త్రీ తలుపు తీసుకుని లోపలికి వస్తుంది, చెక్క నేల మీద ఎనిమిది అడుగులు వేస్తుంది. బల్ల దగ్గర కూర్చున్న తమ్ముడు చేతిలోని గ్లాసును బల్ల మీద పెడుతూ “ఇంత రాత్రి ఎందుకొచ్చావు అక్కా?” అంటాడు. ఆమె కాసేపు ఆగి, “ఇల్లు అమ్మొద్దురా” అని మెల్లగా అంటుంది. బయట ఉరుముతుంది.

దీనిని స్టూడియో ఫ్లోరులో వేసిన సెట్‌లో తీశారని అనుకుందాం. అక్కడ వాన లేదు. నేల చెక్కలా కనిపించే పలక మాత్రమే, కింద బోలు. లైట్ల కూలింగ్ ఫ్యాన్లు సన్నగా మోగుతున్నాయి. సన్నివేశాన్ని మూడు కోణాల నుంచి తీశారు: గది మొత్తం కనిపించే షాటు, ఆమె ముఖం, అతని ముఖం. గ్లాసు సరిగ్గా “రాత్రి” అన్న మాట మీద బల్లను తాకింది. ఈ ఒక్క గ్లాసు చప్పుడు చివరి వరకూ మనతో వస్తుంది.

## మాటకు అంటుకుని వచ్చే నిశ్శబ్దం

డైలాగ్ ఎడిటర్ చేతికి వచ్చినవి మాటలే అనుకుంటాం గానీ, ప్రతి మాటతోనూ దాని వెనుక ఉన్న గాలి కూడా వస్తుంది. ఆమె ముఖం తీసినప్పుడు మైకు ఒక మూలకు తిరిగి ఉంది, అతని ముఖం తీసినప్పుడు ఫ్యాన్లున్న వైపుకు తిరిగి ఉంది. ఈ రెండు షాట్లనూ పక్కపక్కన అతికిస్తే అతను మాట్లాడగానే ఫ్యాను మోత మొదలై, ఆమె మాట్లాడగానే ఆగిపోతుంది. కన్ను ఆ కోతను గమనించకపోయినా చెవి వెంటనే పట్టేస్తుంది.

అందుకే ఎడిటర్ ఒక్కో కోణంలోని మాటలను వేర్వేరు ట్రాకుల మీదకు విడదీస్తాడు. షూటింగులో అందరూ కదలకుండా నిలబడి ఉండగా అరనిమిషం పాటు రికార్డు చేసిన ఖాళీ గది శబ్దాన్ని, అంటే రూమ్ టోన్‌ను, మాటల మధ్య ఖాళీల్లో పరుస్తాడు. ఒక ట్రాకులోని మోత మెల్లగా తగ్గుతుండగా రెండవ ట్రాకులోని మోత మెల్లగా పెరిగేలా అతుకు వేస్తాడు. తరువాత మిక్సింగ్ ఇంజనీరు ఒక్కో ట్రాకులో ఫ్యాను మోతను విడిగా తగ్గించగలుగుతాడు. మోతను పూర్తిగా తుడిచేయాలని చూస్తే గొంతులోని గాలి కూడా పోయి, మాట నీటి అడుగు నుంచి వస్తున్నట్టు తయారవుతుంది. ఆ దోషం ఎక్కువగా “స”, “శ”ల చివరల్లో, వాక్యం చివరి ఊపిరిలో తెలుస్తుంది. కొద్దిగా మోత మిగిల్చి, దాని మీద వానను కప్పడమే మంచి పద్ధతి.

మాటను విడిగా ఉంచడానికి అసలు కారణం ఇక్కడుంది. మైకు నోటినీ గదినీ వేరు చేయలేదు. మాటతో పాటు రికార్డయిన ప్రతి చప్పుడూ ఆ మాటకు బందీ. దాన్ని పెంచాలంటే మాటనూ పెంచాలి, తీసేయాలంటే మాటనూ తీసేయాలి. మిగిలిన శబ్దాలను కొత్తగా తయారు చేసుకునేది వాటి మీద అధికారం కోసమే.

## ఫోలీ: పాదాలతో చేసే నటన

ఆమె వేసిన ఎనిమిది అడుగులు సెట్‌లో రికార్డయ్యాయి, కానీ పలక కింది బోలుతనం వాటిలో వినిపిస్తోంది. పాత ఇంటి చెక్క నేల అలా మోగదు. అందుకని ఫోలీ కళాకారిణి చాలా నిశ్శబ్దమైన గదిలో, నిజమైన చెక్కను బిగించి దిగువను నింపిన చిన్న గుంట మీద నిలబడి, తెర చూస్తూ ఆ ఎనిమిది అడుగులనూ తన పాదాలతో వేస్తుంది. ఆమె నిజంగా ముందుకు నడవదు, ఉన్నచోటే నడుస్తుంది. మడమ తాకడం, ముందు పాదం వాలడం రెండూ వేర్వేరుగా వినిపించాలి. తడిసిన చెప్పులు కాబట్టి పాదం లేచేటప్పుడు చిన్న జిగురు శబ్దం కూడా ఉండాలి.

దాచిపెట్టుకున్న అడుగుల శబ్దాలను వరుసగా అతికిస్తే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దూరంగా నడిచే మనిషికి, గుంపులో కలిసిన మనిషికి చాలా సార్లు అది సరిపోతుంది. కానీ ఈమె మొదటి మూడు అడుగులు తొందరగా వేసి, తమ్ముణ్ణి చూసి, మిగిలిన ఐదూ వెనకాడుతూ వేసింది. ఆ వెనకాడటం ఒక్కో అడుగులో బరువు ఎలా వాలిందన్న దానిలో ఉంటుంది. అది అతికిస్తే రాదు, నటిస్తేనే వస్తుంది.

ఫోలీని సాధారణంగా మూడు విడతలుగా చేస్తారు. అడుగులు ఒక విడత, బట్టల కదలిక ఒక విడత, వస్తువులు ఒక విడత. బట్టల విడతను ప్రేక్షకుడు ఎప్పుడూ విన్నానని చెప్పడు. అయితే డబ్బింగ్ చెప్పిన మాట గాలిలో తేలుతున్నట్టు అనిపించినప్పుడు, దాని పక్కన భుజం కదిలిన సన్నని రాపిడి చేరిస్తే ఆ గొంతు శరీరంలోకి దిగినట్టవుతుంది. నా దృష్టిలో ఫోలీ చేసే అతి విలువైన పని ఇదే.

తలుపు విషయంలో పని పంచుకుంటారు. గొళ్లెం మీద చెయ్యి పడటం, పిడి తిరగడం ఫోలీ. తలుపు బరువు, కీళ్ల కిర్రు, మూసుకున్నప్పుడు గోడ అదిరిన ధ్వని సౌండ్ ఎడిటర్ తన నిల్వలోంచి తెచ్చేవి. రెండు పొరలూ ఒకే ఫ్రేములో పడితే ఒకే తలుపుగా వినిపిస్తాయి.

## కనిపించే శబ్దం, కనిపించని శబ్దం

వానను ఒకే ముక్కగా పెడితే అది టీవీలో సిగ్నల్ పోయినప్పటి మోతలా వినిపిస్తుంది. నిజమైన వానకు దూరం ఉంటుంది. అందుకని సౌండ్ డిజైనర్ కనీసం మూడు పొరలు పెడతాడు: దూరంగా నేల మీద పడే వాన, కిటికీ అద్దానికి తగిలే చినుకులు, చూరు నుంచి కారే నీటి బొట్లు. తలుపు తెరిచి ఉన్నంతసేపూ మొదటిది స్పష్టంగా వినిపించి, తలుపు మూయగానే దానిలోని పదునైన ధ్వనులు తగ్గి మందంగా మారాలి. అదే సమయంలో అద్దం మీది చినుకులు ముందుకు రావాలి. గదిలో ఉన్నామన్న భావన ఈ మార్పు వల్లే కలుగుతుంది, వాన గట్టిగా ఉండటం వల్ల కాదు.

ఉరుముకు ఒక సౌలభ్యం ఉంది. అది తెర మీద కనిపించదు కాబట్టి ఎప్పుడు మోగాలన్నది మన ఇష్టం. అడుగులు, గ్లాసు, తలుపు చిత్రానికి కట్టుబడి ఉంటాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది, అంటే ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. గ్లాసు చప్పుడు రెండు ఫ్రేములు ముందుగా వస్తే చూసేవాడికి ఏదో తప్పనిపిస్తుంది. అంతే ఆలస్యమైతే అంతగా తెలియదు, ఎందుకంటే లోకంలో వెలుగు తరువాతే శబ్దం వస్తుంది. థియేటరులో 14 మీటర్ల వెనుక కూర్చున్నవారికి అన్ని శబ్దాలూ ఎలాగూ ఒక ఫ్రేము ఆలస్యంగానే చేరతాయి. ఏ శబ్దానికి కాలం బిగిసి ఉంది, దేనికి వదులుగా ఉంది అన్న ఈ భేదం మిక్సింగ్ గదిలో చాలా తగవులను తీరుస్తుంది.

## గ్లాసు దగ్గర వచ్చే చిక్కు

సెట్‌లో రికార్డయిన గ్లాసు చప్పుడు “రాత్రి” అన్న మాటలో కలిసిపోయి ఉంది. ఫోలీ గదిలో మరో గ్లాసు చప్పుడు తయారైంది. రెండింటినీ వదిలేస్తే ఒకే గ్లాసు రెండుసార్లు మోగుతుంది. వాటి మధ్య తేడా కొన్ని మిల్లీసెకన్లే అయితే చప్పుడు బోలుగా మారుతుంది, ఒక ఫ్రేము అయితే రెండు చప్పుళ్లుగా విడిపోతుంది.

డైలాగ్ ఎడిటర్ మొదట చేసే ప్రయత్నం వేరే టేకులను వెతకడం. అదే వాక్యాన్ని అతను ఐదు సార్లు చెప్పి ఉంటే, ఏదో ఒకదానిలో గ్లాసు కాస్త ముందో వెనకో పడి ఉండవచ్చు. అందులోంచి “రాత్రి” అన్న మాటను, ఒక్కోసారి “త్రి” అన్న అక్షరాన్ని మాత్రమే, కోసి తెచ్చి అతికిస్తాడు. పెదవులకూ స్వరానికీ సరిపోతే మాట శుభ్రమవుతుంది, ఫోలీ గ్లాసు ఒక్కటే మిగులుతుంది.

అలాంటి టేకు దొరకలేదనుకుందాం. అప్పుడు ఈ వృత్తిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఆ ఒక్క వాక్యాన్ని డబ్బింగ్ చెప్పించి పూర్తి అదుపు సాధించాలని కొందరంటారు. సాంకేతికంగా అది నిర్దుష్టమైన దారి. సెట్‌లో అక్క ఎదురుగా ఉన్నప్పుడు ఆ గొంతులో పలికిన ఉలికిపాటు, వారాల తరువాత ఒంటరిగా మైకు ముందు నిలబడితే రాదని, చిన్న చప్పుడు కోసం నటనను వదులుకోకూడదని మరికొందరంటారు. మొత్తం సినిమాను డబ్బింగ్ చేసే సంప్రదాయంలో మొదటి పద్ధతి సహజంగా ఇమిడిపోతుంది, ఎందుకంటే అక్కడ పక్కన సెట్ శబ్దమే ఉండదు కాబట్టి అతుకు బయటపడదు. సెట్ మాటల మధ్య ఒక్క వాక్యం మాత్రం స్టూడియోదైతే, దానికి ఆ గది ప్రతిధ్వనినీ ఆ ఫ్యాను మోతనూ తిరిగి జోడించవలసి వస్తుంది.

మన సన్నివేశంలో సెట్ మాటనే ఉంచారనుకుందాం. అప్పుడు అసలు సినిమాలో సెట్ గ్లాసే మోగుతుంది. ఫోలీ గ్లాసును పారేయరు. దాన్ని విడి ట్రాకులో, మూసి ఉంచుతారు. దాని అవసరం తరువాత వస్తుంది.

## మిక్సింగ్ గదిలో ఎవరికి ఎవరు దారి ఇవ్వాలి

వందలకొద్దీ ట్రాకులను నేరుగా చివరి మిక్సింగ్‌కు తీసుకువెళ్లరు. ముందు డైలాగ్‌ను విడిగా సమం చేస్తారు, తరువాత ఫోలీని, ఆ తరువాత వాతావరణాన్ని, మిగతా శబ్దాలను. దీన్ని ప్రీమిక్స్ అంటారు. డైలాగ్ ముందు రావడానికి కారణం సూటిగా ఉంది. మిగిలిన శబ్దాలు ఎంత ఉండాలన్నది మాట ఎంత ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఆమె మెల్లగా అన్న “ఇల్లు అమ్మొద్దురా” దగ్గరకు వద్దాం. విడిగా విన్నప్పుడు ఆ మాట స్పష్టంగా ఉంది, వాన అందంగా ఉంది. కలిపితే మాట మసకబారింది. వాన ధ్వని పౌనఃపున్యాలన్నిటా పరుచుకుని ఉంటుంది. అచ్చులకు బలం దిగువ పౌనఃపున్యాల్లో ఉంటే, హల్లులను గుర్తుపట్టించే వివరం ఎక్కువగా 2,000 హెర్ట్జ్ పైన, చాలా తక్కువ శక్తితో ఉంటుంది. వాన సరిగ్గా ఆ వివరాన్ని కప్పేస్తుంది. గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు.

మాటను పెంచడం మొదట తోచే మార్గం. అయితే గుసగుసను గట్టిగా పెంచితే అది గుసగుసగా మిగలదు. మంచి మిక్సరు వానలో ఆ పౌనఃపున్యాల ప్రాంతాన్ని మాత్రం మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తాడు. వానను ఎడమ, కుడి, వెనుక స్పీకర్లకు జరిపి, మధ్య స్పీకరును మాటకు ఖాళీ చేస్తాడు. కిటికీ చినుకులను ఆమె మాట్లాడటానికి ఒక సెకను ముందు నుంచే, ఎవరూ గమనించనంత నెమ్మదిగా తగ్గిస్తాడు. ఆ వాక్యం మీద పడుతున్న ఉరుమును సెకనున్నర వెనక్కి నెడతాడు. కనిపించని శబ్దం కాబట్టి అది కుదిరింది. మాట ముగిసి, తమ్ముడి ముఖం కనిపించాక ఉరిమితే సన్నివేశానికి అర్థం కూడా పెరుగుతుంది.

చివరగా సంగీతం చేరుతుంది, అసలు ఘర్షణ సాధారణంగా అప్పుడే మొదలవుతుంది. సంగీత దర్శకుడు మాట పౌనఃపున్యాల్లోనే మోగే తీగ వాద్యాలను ఆ వాక్యం కిందే పెట్టి ఉండవచ్చు. వాన, తీగలు రెండూ ఒకే చోటు కోరితే ఏదో ఒకటి తప్పుకోవాలి. ఆ నిర్ణయం దర్శకుడిది.

## మాటలు వినిపించవన్న ఫిర్యాదులో ఎవరి వాదన ఏమిటి

మిక్సింగ్ గదిలో స్పీకర్ల స్థాయి స్థిరంగా ఉంటుంది. సినిమా మిక్సింగ్‌కు ఎంతోకాలంగా ఉన్న ప్రమాణం ప్రకారం, నిర్ణీత పరీక్షా ధ్వని ముందు స్పీకరు ఒక్కొక్కదాని నుంచి 85 డెసిబెల్స్‌గా వినిపించేలా గదిని అమరుస్తారు. ఆ స్థాయిలో గుసగుస కూడా హాయిగా వినిపిస్తుంది. ఇంట్లో అంత గట్టిగా ఎవరూ వినరు. స్థాయి తగ్గించగానే గుసగుస గదిలోని మోతలో మునుగుతుంది, పెంచితే తరువాతి పేలుడు ఇల్లంతా మోగిస్తుంది. పైగా టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి అన్ని దిక్కుల శబ్దాలూ కుదించబడతాయి. మధ్య స్పీకరులోని మాట, వెనుక స్పీకర్లలోని వాన ఒకేచోటు నుంచి వస్తాయి. థియేటరులో వాటిని దిక్కును బట్టి వేరు చేసుకున్న చెవికి ఆ ఆధారం పోతుంది. కాబట్టి తప్పు మిక్సింగ్‌ది కాదు, వినే పరికరానిది అన్న వాదనకు బలం ఉంది.

ఎదుటి వాదనలోనూ నిజం ఉంది. ఆ వాక్యాన్ని ఎడిటింగ్‌లో, ప్రీమిక్స్‌లో, చివరి మిక్సింగ్‌లో వందల సార్లు విన్న బృందానికి అది కంఠస్థమై ఉంటుంది. తెలిసిన మాటను చెవి శబ్దం లేకుండానే పూరించుకుంటుంది. మొదటిసారి వినే ప్రేక్షకుడికి ఆ సహాయం లేదు. కథను మొదటిసారి చూసే మనిషిని ఒకసారి ఆ గదిలో కూర్చోబెట్టకపోతే ఈ లోపం బయటపడదు. కొందరు దర్శకులు మాట కంటే అనుభూతి ముఖ్యమని, కొన్ని వాక్యాలు హోరులో కలిసిపోవడం తమ ఉద్దేశమేనని అంటారు. కథకు అవసరం లేని మాట విషయంలో ఆ వైఖరిని అంగీకరించవచ్చు. “ఇల్లు అమ్మొద్దురా” లాంటి మాట విషయంలో నేను అంగీకరించలేను.

ఇళ్ల కోసం విడిగా, చిన్న గదిలో, తక్కువ స్థాయిలో మళ్లీ మిక్సింగ్ చేయడం దీనికి వచ్చిన పరిష్కారం. ఉదాహరణకు నెట్‌ఫ్లిక్స్ నిబంధన సినిమా సగటు స్థాయిని మాటల మీద కొలిచి, దాన్ని శబ్దపు గట్టితనాన్ని కొలిచే ఎల్‌కేఎఫ్‌ఎస్ కొలమానంలో మైనస్ 27 దగ్గర ఉంచమంటుంది. దీనివల్ల సినిమా మారినప్పుడల్లా మాట స్థాయి మారదు. అయితే ఇది సగటు మాత్రమే. అరుపులు ఎక్కువగా ఉన్న సినిమాలో గుసగుస ఎంత దిగువన ఉందో ఆ అంకె చెప్పదు.

## మాటను తీసేసి వినే పరీక్ష

చివరి మిక్సింగ్ ఒకే ఫైలుగా బయటకు రాదు. డైలాగ్, సంగీతం, శబ్దాలు విడివిడి గుత్తులుగా కూడా రికార్డవుతాయి. వీటిని స్టెమ్‌లు అంటారు. మూడింటినీ ఏ మార్పూ లేకుండా కలిపితే సరిగ్గా పూర్తి సినిమా శబ్దమే రావాలి. అలా రాకపోతే సాధారణంగా కారణం ఒకటే. అన్నీ కలిసిన తరువాతి దశలో స్థాయిని అదిమే పరికరం ఏదో పనిచేసి ఉంటుంది. అది స్టెమ్‌లలో ఉండదు.

వేరే భాషలోకి అనువదించే బృందానికి సంగీతం, శబ్దాల స్టెమ్‌లు మాత్రమే వెళతాయి. దీన్ని ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. పంపేముందు డైలాగ్ స్టెమ్‌ను మూసి సినిమా మొత్తం వింటారు. మన సన్నివేశంలో వాన ఉంది, తలుపు ఉంది, ఎనిమిది అడుగులూ ఉన్నాయి. తమ్ముడి పెదవులు నిశ్శబ్దంగా కదులుతాయి. అతని చెయ్యి గ్లాసును బల్ల మీద పెడుతుంది, చప్పుడు రాదు. అది మాటతో పాటే వెళ్లిపోయింది. అప్పుడు ఎడిటర్ మూసి ఉంచిన ఫోలీ గ్లాసు ట్రాకును తెరిచి, సెట్ గ్లాసు మోగిన స్థాయికే దాన్ని తెచ్చి, గది ప్రతిధ్వని కొద్దిగా కలిపి, ఈ ట్రాక్‌లోకి మాత్రం చేరుస్తాడు. వేరే భాషలో ఎవరో ఆ తమ్ముడికి గొంతు ఇచ్చినప్పుడు, ఆ భాష ప్రేక్షకులు వినే గ్లాసు ఫోలీ గదిలో మోగినది.